మీటరు ఆగింది, బిల్లు నడుస్తోంది

నల్లా బిల్లులో గత రీడింగు 1846. ప్రస్తుత రీడింగు కూడా 1846. రెండింటికీ తేడా లేదు కాబట్టి వాడకం సున్నా అని ఉండాలి. కానీ ఆ గడిలో 31 కిలోలీటర్లు అని అచ్చవుతుంది. మీటరు పనిచేయడం లేదని, అందువల్ల సగటు లెక్కన బిల్లు వేశామని దాని అర్థం. హైదరాబాద్‌లో ఇలాంటి బిల్లు అందుకున్నవాళ్లలో చాలామంది కింద ఉన్న మొత్తం మాత్రమే చూసి, ఈ నెల నీళ్లు ఎక్కువ వాడామేమో అనుకుని కట్టేస్తారు. అలా ఆరు నెలలు, ఏడాది గడిచిపోతుంది. అప్పటికి ఎన్ని నీళ్లు వాడామో చెప్పే ఆధారం ఇంటివాళ్ల దగ్గరా ఉండదు, జలమండలి దగ్గరా ఉండదు.

సగటు బిల్లు వేయడం తప్పేమీ కాదు. మీటరు ఆగినంత మాత్రాన నీళ్లు ఆగవు కదా. ఎంతో కొంత వసూలు చేయాలి కాబట్టి, మీటరు సరిగా తిరిగిన నెలల వాడకాన్ని తీసుకుని దాని సగటును బిల్లుగా వేస్తారు. నెలా రెండు నెలలకైతే అది న్యాయమైన ఏర్పాటే. చిక్కల్లా ఆ సగటును ఏ నెలల నుంచి తీశారన్న దగ్గరే వస్తుంది. ఆ నెలల్లో వాడకం మామూలుగా లేకపోతే, అదే అంకె మీటరు మార్చేదాకా ప్రతి నెలా మనల్ని వెంటాడుతుంది.

హైదరాబాద్‌వాసులకు ఇది మరీ నష్టం. ఇక్కడ 2020 డిసెంబరు వాడకం నుంచి ఇళ్లకు నెలకు 20 కిలోలీటర్ల దాకా, అంటే 20 వేల లీటర్ల దాకా, నీళ్లు ఉచితం. బస్తీలకు మీటరు నిబంధన లేదు. మిగతా ఇళ్లు మాత్రం క్యాన్ నంబరుకు ఆధార్ జోడించుకోవాలి, నల్లాకు పనిచేసే మీటరు ఉండాలి. కాబట్టి మీటరు ఆగిపోతే సగటు బిల్లుతో పోదు, ఉచిత నీటి మాఫీకే ఎసరు వస్తుంది. నెలకు 16 కిలోలీటర్లు వాడుకుని ఒక్క రూపాయి కట్టనక్కర్లేని కుటుంబం 31 కిలోలీటర్లకు నీటి చార్జీ, దాని మీద 35 శాతం మురుగునీటి సెస్సు కట్టాల్సి రావచ్చు.

ముందు మీటరును చూడండి

బిల్లు సరిచేయమని అడగడానికి ముందు మీటరుకు ఏమైందో తెలుసుకోవాలి. పూర్తిగా ఆగిందా, తిరుగుతున్నా తప్పు చూపిస్తోందా, అది బాగానే ఉండి రీడింగు తీసేవాళ్లే రాలేదా? మూడింటికీ దారులు వేరు.

మూత తీసి డయల్ చూస్తే నల్ల అంకెలు వరుసగా కనిపిస్తాయి. అవి కిలోలీటర్లు. ఎర్ర అంకెలు, ఎర్ర ముళ్లు అంతకన్నా చిన్న కొలతలు. బిల్లుకు నల్ల అంకెలే లెక్క. పొరపాటున ఎర్ర అంకెను కూడా కలిపి రాస్తే 1846 కాస్తా 18463 అవుతుంది. ఒక్కసారిగా కొండంత బిల్లు వచ్చినప్పుడు మొదట చూడాల్సింది ఇదే. డయల్ మధ్యలో నక్షత్రంలా ఒక చిన్న చక్రం ఉంటుంది. సన్నటి ధార పారినా అది కదులుతుంది. నల్లా వస్తున్న సమయంలో, సంపులోకి నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తున్నా ఆ చక్రం కదలకపోతే మీటరు ఆగినట్టే. నీళ్లు లేని వేళ చూసి ఆగిపోయిందని అనుకోకూడదు. మన మీటరు సంపుకు ముందు ఉంటుంది కాబట్టి నల్లా వచ్చినప్పుడే తిరుగుతుంది, ఇంట్లో కొళాయి తిప్పినప్పుడు కాదు.

ఎక్కువ మీటర్లు ఇసుక వల్ల ఆగిపోతాయి. వీధిలో పైపు పగిలి మరమ్మతు చేశాక వచ్చే మొదటి నీళ్లలో మట్టి, ఇసుక, తుప్పు పొలుసులు కొట్టుకొస్తాయి. మీటరు లోపలికి నీళ్లు వెళ్లేచోట ఉండే చిన్న జల్లెడ వాటితో నిండిపోతుంది, లేదా సన్నటి ఇసుక లోపలి రెక్కల చక్రాన్ని పట్టేస్తుంది. అద్దం లోపల తేమ పట్టి అంకెలు కనపడకపోయినా రీడింగు తీసేవాళ్లు సగటే వేస్తారు. మీటరు గుంతలో మురుగునీళ్లు నిలిచినా అంతే.

తిరుగుతున్న మీటరు సరిగ్గా చూపిస్తోందో లేదో తేల్చుకోవడానికి మన ఇళ్లలో సంపును మించిన కొలపాత్ర లేదు. సంపు లోపలి పొడవు 2 మీటర్లు, వెడల్పు మీటరున్నర అనుకుందాం. అందులో నీటిమట్టం 10 సెంటీమీటర్లు పెరిగితే 300 లీటర్లు చేరినట్టు. నల్లా వచ్చే ముందు మోటారు ఆపేసి, ఒక కర్ర నిలువుగా దించి తడి ఎంతవరకు వచ్చిందో గుర్తు పెట్టుకోండి. మీటరు అంకె ఎర్ర ముళ్లతో సహా ఫొటో తీయండి. నల్లా ఆగిపోయాక మళ్లీ కర్ర దించండి, మళ్లీ ఫొటో తీయండి. మట్టం 30 సెంటీమీటర్లు పెరిగితే 900 లీటర్లు వచ్చాయి, మీటరూ దాదాపు అంతే చూపాలి. కర్ర కొలతలో అటూ ఇటూ కొంత తేడా ఉంటుంది కాబట్టి చిన్న తేడాలను పట్టించుకోనక్కర్లేదు. 900 లీటర్లు వస్తే మీటరు 1,100 చూపిస్తోందంటే మాత్రం అనుమానించాల్సిందే.

అలా ఎక్కువ చూపడానికి తరచుగా కారణం గాలి. రోజు విడిచి రోజు నీళ్లు వచ్చే వీధుల్లో మధ్యలో పైపు ఖాళీ అవుతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు పైపులోని గాలి ముందు బుసకొడుతూ బయటికి వస్తుంది, మీటరు చక్రం ఆ గాలికి కూడా గిర్రున తిరుగుతుంది. నల్లా వచ్చే వేళకు మీటరు దగ్గర నిలబడితే ఇది కంటికి కనిపిస్తుంది. ఒక్క చుక్క పడకముందే చక్రం తిరుగుతుంటే ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి. మీటరు మార్చినా ఈ సమస్య పోదు, లైనులో గాలి పోయే వాల్వు కోసం అడగాలి.

పాత మీటర్ల సంగతి దీనికి తలకిందులు. లోపలి భాగాలు అరిగిన మీటరు సన్నటి ధారను పట్టుకోలేక తక్కువ చూపిస్తుంది. అలాంటి ఇంట్లో కొత్త మీటరు పెట్టాక బిల్లు పెరుగుతుంది. కొత్తది చెడిపోయిందని గొడవపడే ముందు సంపు కొలతతో సరిచూసుకోవడం మంచిది.

ఒక ఇంటి లెక్క

దిద్దుబాటు ఎలా అడగాలో అర్థం కావడానికి ఒక ఇంటిని ఊహించుకుందాం. నలుగురు ఉండే సొంతిల్లు. నవంబరులో 33, డిసెంబరులో 29, జనవరిలో 31 కిలోలీటర్లు వాడినట్టు మీటరు చూపింది. నిజానికి వాళ్లు వాడింది అంత కాదు. సంపులో బాల్ వాల్వు చెడిపోవడంతో నల్లా వచ్చినప్పుడల్లా సంపు నిండి నీళ్లు కాలువలోకి పోయాయి. జనవరి నెలాఖరులో వాల్వు మార్పించారు. ఫిబ్రవరిలో వీధిలో పైపు తవ్వారు, ఇసుక పట్టి మీటరు 1846 దగ్గర ఆగిపోయింది. ఇక ఫిబ్రవరి నుంచి జూన్ దాకా అయిదు నెలలు ఆ మూడు నెలల సగటు, అంటే 31 కిలోలీటర్ల చొప్పున మొత్తం 155 కిలోలీటర్లకు బిల్లు పడింది. నీళ్లు వృథా అయిన మూడు నెలలే మీటరు తిరిగిన చివరి నెలలు కావడం ఇక్కడ దెబ్బ కొట్టింది.

జూన్ ఆఖరున కొత్త మీటరు పెట్టారు. జులైలో 16, ఆగస్టులో 15, సెప్టెంబరులో 17 వచ్చాయి. సగటు 16. ఆ లెక్కన ఆగిన అయిదు నెలలకూ 80 కిలోలీటర్లే వేయాలని ఇంటాయన అడిగితే, అధికారి తప్పక ఒక మాట అంటారు: ‘‘ఇవి వానాకాలం నెలలండీ, మీరు అడిగేది ఎండాకాలానికి.’’ అది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు నిరుటి బిల్లుల్లో ఉంది. కిందటేడు అవే నెలల్లో, మీటరు బాగున్నప్పుడు, వరుసగా 17, 18, 19, 20, 18 వచ్చాయి. మొత్తం 92. ఏ నెలా 20 దాటలేదు కాబట్టి ప్రతి నెలా ఉచిత పరిమితిలోనే ఉంది. 155 బదులు 92 వేయమని, ఆ మేరకు మాఫీ వర్తింపజేయమని అడగడానికి ఇంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదు. దానికి తోడు బాల్ వాల్వు కొన్న రశీదు, ప్లంబరు రాసిచ్చిన చీటీ జతచేస్తే పాత మూడు నెలలు ఎందుకు పెరిగాయో కూడా తేలిపోతుంది.

ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. మీటరు బాగుచేయించకుండా సగటు తగ్గించమని అడిగితే పని జరగదు. ఎంత తగ్గించాలో చెప్పే అంకె కొత్త మీటరు నుంచే రావాలి. హైదరాబాద్‌లో ఇంటి మీటరు ఖర్చు వినియోగదారుడిదే. కొనేటప్పుడు జలమండలి గుర్తించిన ఏజెన్సీ దగ్గరే తీసుకోవాలి, లేకపోతే ఆ మీటరును ఒప్పుకోకపోవచ్చు. బిగించేటప్పుడు మీటరు ఒంటిమీద ఉన్న బాణం గుర్తు నీరు పారే వైపు ఉందో లేదో, మీటరు వంకర లేకుండా మట్టంగా కూర్చుందో లేదో దగ్గరుండి చూసుకోండి.

ఆ రోజు రెండు ఫొటోలు చాలా విలువైనవి. పాత మీటరు విప్పేముందు దాని ఆఖరి అంకె, నంబరు కనిపించేలా ఒకటి. కొత్త మీటరు బిగించాక దాని మొదటి అంకె, నంబరు కనిపించేలా ఇంకొకటి. ఎందుకంటే దిద్దుబాట్లు ఎక్కువగా చెడేది ఇక్కడే. కొత్త మీటరు గోడకు ఉంటుంది, కానీ దాని నంబరు, మొదటి రీడింగు ఆఫీసు కంప్యూటరులోకి ఎక్కవు. అప్పుడు రికార్డులో మీటరు ఇంకా చెడిపోయినట్టే ఉంటుంది, సగటు బిల్లు అలాగే వస్తూ ఉంటుంది. లేదా గత రీడింగు 1846 అని, ప్రస్తుత రీడింగు 16 అని పడి లెక్క తప్పుతుంది. మీటరు మార్చిన తర్వాత వచ్చే మొదటి బిల్లులో కొత్త మీటరు నంబరు కనిపించకపోతే వెంటనే సెక్షన్ ఆఫీసుకు వెళ్లాలి.

నెలల లెక్క ఒకే నెల మీద పడితే

మీటరు బాగానే ఉండి, ఇంటికి తాళం ఉన్నందువల్లనో రీడింగుకు ఎవరూ రానందువల్లనో సగటు పడిన సందర్భం వేరు. ఇందులో వాడకం ఎక్కడికీ పోదు, మీటరులోనే ఉంటుంది. నాలుగు నెలలు 14 చొప్పున సగటు వేసి, అయిదో నెల మొదట్లో వచ్చి చూస్తే మీటరు 88 కిలోలీటర్లు ముందుకు వెళ్లి ఉందనుకుందాం. అంటే నెలకు 22.

ఈ 88ని ఒకే నెల వాడకంగా లెక్కేస్తే 20 ఉచితం పోను 68 కిలోలీటర్లకు డబ్బు కట్టాలి. పైగా వాడకం పెరిగేకొద్దీ కిలోలీటరు ధర పెరిగే శ్లాబులు కాబట్టి అందులో పెద్ద భాగం ఎక్కువ ధర శ్లాబుల్లో పడుతుంది. అదే నాలుగు నెలలకు విడదీస్తే నెలకు 2 కిలోలీటర్లే ఉచిత పరిమితి దాటాయి. మొత్తం 8 కిలోలీటర్లు, అవీ తక్కువ ధరకే. నీళ్లు అవే, మీటరు అదే. ఒక లెక్కలో 68కి కట్టాలి, ఇంకో లెక్కలో 8కి. ఉచిత పరిమితి నెల నెలకూ ఇచ్చినది, శ్లాబులూ నెల వాడకానికి పెట్టినవే. కాబట్టి నెలల వారీగా విడదీసి వేయమని అడగడం దయ కోరడం కాదు. ఎవరు ఎలా చెప్పినా ఈ విషయంలో వెనక్కి తగ్గనక్కర్లేదు.

అపార్టుమెంట్లలో ఒకే పెద్ద మీటరు ఉంటుంది, ఉచిత పరిమితిని ఫ్లాట్ల సంఖ్యతో హెచ్చిస్తారు. పది ఫ్లాట్లుంటే నెలకు 200 కిలోలీటర్లు. ఆధార్ జోడించని ఫ్లాటు వాటా తగ్గుతుంది. అక్కడ మీటరు ఆగితే నష్టం పది ఇళ్ల మీద పడుతుంది కాబట్టి, నెలకోసారి డయల్ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టే పని వాచ్‌మన్‌కో సంఘం కార్యదర్శికో అప్పగించుకోవాలి.

ఫిర్యాదు కాగితం

జలమండలి కస్టమర్ కేర్ నంబరు 155313. ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. అయితే డబ్బు లెక్క తేలాల్సిన విషయాన్ని ఫోనుతో వదిలేయకూడదు. మన ప్రాంతపు సెక్షన్ ఆఫీసులో మేనేజర్ పేరున ఉత్తరం ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీ, ముద్ర వేయించుకోవాలి. అద్దెకున్నవాళ్లయితే క్యాన్ ఎవరి పేరున ఉందో వాళ్ల సంతకం తీసుకోవాలి. కోపతాపాలు, కష్టాలు రాయడం వల్ల ఉత్తరం పొడవు పెరుగుతుంది తప్ప లెక్క తేలదు. మనం ఊహించుకున్న ఇంటాయన ఉత్తరం ఇలా ఉంటే చాలు:

‘‘మా నల్లా మీటరు ఫిబ్రవరిలో 1846 వద్ద ఆగిపోయింది. ఫిబ్రవరి నుంచి జూన్ వరకు నెలకు 31 కిలోలీటర్ల చొప్పున సగటు బిల్లు వేశారు. ఈ సగటు తీసిన నెలల్లో సంపు బాల్ వాల్వు చెడి నీళ్లు వృథా అయ్యాయి, జనవరిలో వాల్వు మార్చాము. జూన్‌లో కొత్త మీటరు బిగించాము. కొత్త మీటరుపై మూడు నెలల వాడకం 16, 15, 17. నిరుడు ఫిబ్రవరి నుంచి జూన్ వరకు మా వాడకం మొత్తం 92 కిలోలీటర్లు. అందువల్ల ఆ అయిదు నెలల బిల్లులను 92 కిలోలీటర్ల ప్రకారం సవరించి, ఉచిత నీటి మాఫీ వర్తింపజేసి, అదనంగా కట్టిన మొత్తాన్ని రాబోయే బిల్లులలో సర్దుబాటు చేయగలరు. బిల్లులు, ఫొటోలు, రశీదులు జతచేశాను.’’

పైన క్యాన్ నంబరు, పాత మీటరు నంబరు, కొత్త మీటరు నంబరు ఉండాలి. కొత్త మీటరుపై మూడు నెలలు గడిచాకే సవరణ అడగాలని ఆగి కూర్చోకండి. మీటరు ఆగిందని గమనించిన నెలలోనే ఒక ఉత్తరం ఇచ్చి ఉంచితే, ఆలస్యం మనవైపు లేదని అదే సాక్ష్యం చెబుతుంది.

ఈలోగా బిల్లు కట్టాలా మానాలా అన్నది అందరికీ వచ్చే సందేహం. పూర్తిగా మానేస్తే బకాయి పేరుకుంటుంది, దాని మీద అదనపు చార్జీలు పడతాయి, కనెక్షన్ కోసే నోటీసు కూడా రావచ్చు. అప్పుడు అసలు గొడవ పక్కకుపోయి బకాయిదారు అన్న ముద్ర మిగులుతుంది. భరించగలిగితే కడుతూ, అభ్యంతరానికి లోబడి కడుతున్నామని రాతపూర్వకంగా తెలియజేయడమే క్షేమం. సవరణ జరిగాక ఆ డబ్బు సాధారణంగా తర్వాతి బిల్లుల్లో సర్దుబాటు అవుతుంది. మాటగా సరిచేశామంటే సరిపోదు, బిల్లులో ఆ తగ్గింపు కనిపించాలి.

మేనేజర్ దగ్గర కదలిక లేకపోతే పై అధికారులకు అదే ఉత్తరాన్ని ఫిర్యాదు నంబరుతో పంపాలి. సగటు ఏ నెలల నుంచి తీశారో చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన క్యాన్‌కు సంబంధించి గత రెండేళ్ల రీడింగులు, రీడింగు తీసిన తేదీలు, మీటరు చెడిందని నమోదు చేసిన తేదీ, సగటు లెక్కించిన పద్ధతి ఇవ్వమని అడిగితే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. చాలా తగాదాలు ఆ కాగితం చేతికి రాగానే తేలిపోతాయి. ఎందుకంటే సగటులోకి ఏ నెలలు వచ్చాయో అప్పుడే బయటపడుతుంది.

అప్పటికీ తేలకపోతే కోర్టు ఖర్చు లేకుండా వెళ్లగల చోటు శాశ్వత లోక్ అదాలత్. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1987లో నీటి సరఫరాను ప్రజోపయోగ సేవల్లో పేర్కొన్నారు. తగాదా ఏ కోర్టుకూ వెళ్లకముందే అక్కడ దరఖాస్తు చేసుకోవాలి. ముందు రాజీ ప్రయత్నం చేస్తారు, కుదరకపోతే వాళ్లే తీర్పు ఇస్తారు. ఆ తీర్పు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. మామూలు లోక్ అదాలత్‌లో రెండు పక్షాలూ ఒప్పుకుంటేనే పని జరుగుతుంది, ఇక్కడ అలా కాదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలనుకునేవాళ్లు రెండేళ్ల గడువు దాటకుండా చూసుకోవాలి. ఏ దారిలో వెళ్లినా అక్కడ అడిగేవి పాత బిల్లులు, డయల్ ఫొటోలు, ముద్ర వేయించుకున్న ఉత్తరం. కట్టిన బిల్లే కదా అని రశీదులు పారేయకండి, కనీసం రెండేళ్లవి దాచుకోండి.